పాటలు బాగానే వస్తాయి, కాల్ మాత్రమే ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మా కారులో పదేళ్ల నాటి స్టీరియో ఉంది. ఈమధ్యే కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాను. బ్లూటూత్‌తో పాటలు చక్కగా వస్తున్నాయి. కానీ కాల్ మాట్లాడుతుంటే రెండు మూడు నిమిషాలకోసారి మాట స్టీరియోలో ఆగిపోయి ఫోన్‌లోకి వెళ్తోంది, కాసేపటికి మళ్లీ స్టీరియోలోకి వస్తోంది. ఒక్కోసారి కనెక్ట్ కూడా కావట్లేదు. పాత ఫోన్‌తో ఈ బాధ ఎప్పుడూ లేదు. స్టీరియో మార్చేయాలా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. పాత ఫోన్‌తో అదే స్టీరియో సరిగ్గా పనిచేసిందంటే దాని యాంటెన్నా, మైకు, వైరింగ్ బాగానే ఉన్నట్టు. ఇంకో ఆధారం కూడా మీరే ఇచ్చారు. రేడియో తరంగాల అడ్డంకి అయితే ఒక చోట ఎక్కువగా, ఇంకో చోట తక్కువగా, లెక్కాపత్రం లేకుండా వస్తుంది. ఇలా రెండు మూడు నిమిషాలకోసారి తెగి తిరిగి అతుక్కుంటోందంటే, ఫోన్‌కీ స్టీరియోకీ మధ్య ఏదో పని మొదలై, మధ్యలో చెడి, మళ్లీ మొదలవుతోందని అనుమానించాలి. నా అనుమానం కాంటాక్టుల మీద. అక్కడికి వచ్చేముందు, పాటలు బాగున్నాయి కదా అన్న ధీమా ఎందుకు పనికిరాదో చెబుతాను.

పాటలకూ కాల్స్‌కూ బ్లూటూత్‌లో దారులు వేరు. పాట వినిపించేటప్పుడు స్టీరియో కాస్త సంగీతాన్ని ముందే తెచ్చిపెట్టుకుంటుంది. ఇంటిపైన ట్యాంకు ఉంటే పైపులో నీళ్లు కాసేపు ఆగినా కుళాయి ఆగనట్టే, సెకనులో కొంత భాగం సిగ్నల్ పోయినా మనకు తెలియదు. ఫోన్ సంభాషణలో అలా నిల్వ చేసుకునే వీలు లేదు. అవతలివాళ్లు అన్న మాట అప్పటికప్పుడు వినిపించాలి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు. పోయిన ముక్కను మళ్లీ పంపే అవకాశం కాల్‌లో చాలా తక్కువ. పాత పద్ధతిలోనైతే అసలే లేదు. అందుకే పాటల్లో కనిపించని లోపం కాల్‌లో వెంటనే బయటపడుతుంది.

కారు ఆపి, ఇంజిన్ ఆపి, స్టీరియోకు మాత్రం కరెంటు వచ్చేలా తాళం తిప్పి ఒక పరీక్ష చేయండి. ఇంట్లోవాళ్లకో స్నేహితులకో మామూలు ఫోన్ కాల్ చేయండి. వాట్సాప్ కాల్ వద్దు. అందులో ఇంటర్నెట్ నత్తనడక కూడా కలిసి, తప్పు ఎక్కడుందో తేలదు. కాల్ స్క్రీన్ మీద స్పీకర్ గుర్తు నొక్కితే మాట ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే జాబితా వస్తుంది. అందులో ఫోన్, స్పీకర్, మీ స్టీరియో పేరు ఉంటాయి. మాట తెగిన క్షణంలో ఆ జాబితా చూడండి. స్టీరియో పేరే మాయమైతే బ్లూటూత్ బంధం మొత్తం తెగిందన్నమాట. పేరు ఉండి, టిక్కు మాత్రం ఫోన్ మీదకు మారితే బంధం ఉంది, కాల్ దారి ఒక్కటే మూసుకుంది. అసలు కాలే కట్ అయితే అది సిమ్ నెట్‌వర్క్ సమస్య, బ్లూటూత్‌కు సంబంధం లేదు. ఈ మూడింటిలో ఏది జరుగుతోందో తెలియకుండా సెట్టింగులు మారిస్తే రోజంతా గడిచినా ఫలితం ఉండదు.

ఇక కాంటాక్టుల సంగతి. కనెక్ట్ కాగానే చాలా స్టీరియోలు ఫోన్‌లోని పేర్లు, నంబర్లు, ఇటీవలి కాల్స్ జాబితా దింపుకోవడం మొదలుపెడతాయి. పదేళ్ల కిందటి స్టీరియోకు మెమరీ కొద్దిగానే ఉంటుంది. కొన్ని వందల పేర్లో, మహా అయితే వెయ్యో రెండు వేలో పట్టేలా తయారుచేసి ఉంటారు. కొత్త ఫోన్‌లో ఈమెయిల్ ఖాతాలన్నీ జతకావడంతో పేర్లు మూడు నాలుగు వేలకు చేరడం మామూలే. పైగా వాటిలో ఫొటోలు, ఒకే మనిషికి నాలుగు నంబర్లు, రకరకాల గుర్తులు కూడా ఉంటాయి. దింపుకోవడం సగంలో చెడితే కొన్ని స్టీరియోలు వదిలేయకుండా మొదటి నుంచి మళ్లీ మొదలుపెడతాయి. అదే సమయంలో మీరు కాల్‌లో ఉంటే, ఆ చిన్న ప్రాసెసర్ రెండు పనులూ మోయలేక కాల్‌ను వదిలేస్తుంది. స్టీరియో తెరమీద ఫోన్‌బుక్ గుర్తు తిరుగుతూ ఉండటం, పేర్ల జాబితా సగం అక్షరాల దగ్గరే ఆగిపోవడం దీనికి ఆనవాళ్లు. మీ పాత ఫోన్‌లో బహుశా పేర్లు తక్కువ, లేదంటే కాంటాక్టులకు అప్పట్లో మీరు అనుమతి ఇచ్చి ఉండరు.

సరిచేయడానికి పాత బంధాన్ని రెండు వైపులా పూర్తిగా తుడిచేయాలి. ఎక్కువమంది ఫోన్‌లో మాత్రమే తుడిచి ఊరుకుంటారు. జత అయినప్పుడు ఫోన్, స్టీరియో కలిసి ఒక రహస్య తాళం తయారుచేసుకుని చెరో ప్రతి దాచుకుంటాయి. ఫోన్‌లో ఒక్కచోటే తీసేస్తే స్టీరియో దగ్గర పాత తాళం మిగిలిపోతుంది. అప్పుడు కొత్త జత ఒప్పుకోకపోవడం, కనెక్ట్ అయిన మరుక్షణమే తెగిపోవడం జరుగుతుంటాయి. మీకు ఒక్కోసారి కనెక్టే కాకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

కాబట్టి ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగులకు వెళ్లి, స్టీరియో పేరు పక్కనున్న పళ్ల చక్రం గుర్తు నొక్కి, Forget ఎంచుకోండి. తరువాత స్టీరియో మెనూలో జత అయిన ఫోన్ల జాబితా తెరిచి, మీ కొత్త ఫోన్ పేరుతో సహా అన్నీ తీసేయండి. ఇలాంటి స్టీరియోలు కొన్ని ఫోన్లనే గుర్తుపెట్టుకుంటాయి. జాబితా నిండితే కొత్తదాన్ని ఏ కారణమూ చెప్పకుండా తిరస్కరించేవీ ఉన్నాయి. కొన్నింటిలో హ్యాండ్‌బ్రేక్ వేస్తేనే ఈ మెనూ తెరుచుకుంటుంది. జాబితా ఖాళీ అయ్యాక కారు తాళం తీసేసి రెండు నిమిషాలు ఆగండి. ఫోన్‌ను కూడా ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు స్టీరియోను జత చేసే స్థితిలో పెట్టి, ఫోన్‌లో కొత్త పరికరం కోసం వెతకండి. స్టీరియో పాత పద్ధతిదైతే నాలుగంకెల కోడ్ అడుగుతుంది. అది తెరమీద కనిపించకపోతే 0000, తరువాత 1234 ప్రయత్నించండి. 2007లో బ్లూటూత్ 2.1 వచ్చాక రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య చూపించే పద్ధతి మొదలైంది. ఆ సంఖ్య రెండుచోట్లా ఒకటేనని చూసుకుని ఒప్పుకుంటే చాలు. జత చేసే ఈ పెట్టెలోనే కాంటాక్టులు, కాల్ చరిత్ర చూడటానికి అనుమతి అడిగే చిన్న గడి ఉంటుంది. హడావుడిలో అందరూ టిక్కు పెట్టేసేది అక్కడే. దాన్ని ఖాళీగా వదిలేయండి. తరువాత మళ్లీ పళ్ల చక్రం నొక్కి చూస్తే ఫోన్ కాల్స్, మీడియా, కాంటాక్టుల పంపకం వేరువేరు మీటలుగా కనిపిస్తాయి. మొదటి రెండూ ఆన్‌లో, మూడోది ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్ వాడేవాళ్లకు స్టీరియో పేరు పక్కనున్న i గుర్తు నొక్కితే కాంటాక్టుల మీట దొరుకుతుంది.

మళ్లీ అదే పరీక్ష చేయండి. పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగితే దొంగ దొరికినట్టే. దీనివల్ల నష్టం ఒక్కటే, స్టీరియో తెరమీద పేరుకు బదులు నంబర్ కనిపిస్తుంది. నా దృష్టిలో తెగని కాల్ కోసం అది చిన్న మూల్యం. పేర్లు తప్పకుండా కావాలంటే ఫోన్‌లో పనికిరాని కాంటాక్టులు ఏరివేసి, సంఖ్య బాగా తగ్గాక ఆ మీట వేసి చూడండి.

కాంటాక్టులు ఆపినా తెగుతోందనుకుందాం. అప్పుడు మీ చేతికి స్మార్ట్‌వాచ్ ఉందేమో, చెవిలోకి పెట్టుకునే ఇయర్‌బడ్స్ సంచిలో ఉన్నాయేమో చూడండి. కాల్ మాట్లాడే సదుపాయం ఉన్న వాచ్ కూడా స్టీరియోలాగే కాల్ దారి కోసం ఫోన్‌ను పట్టుకుని ఉంటుంది. ఇయర్‌బడ్స్ పెట్టె మూత కదిలినా అవి లేచి కనెక్ట్ అవుతాయి. ఇందాకటి కాల్ స్క్రీన్ జాబితాలో వీటి పేర్లు కనిపిస్తాయి. వాచ్‌కు ఫోన్ కాల్స్ మీట ఒక్కటి ఆపితే నోటిఫికేషన్లు మామూలుగానే వస్తాయి.

వెనక సీట్లో పిల్లలు మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో వీడియోలు చూస్తున్నారా? బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. అందులోని 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఖాళీ చోటు వెతుక్కుంటుంది. హాట్‌స్పాట్ కూడా అదే పట్టీలో ఉంటే ఖాళీలు తగ్గుతాయి. పైగా చాలా ఫోన్లలో రెండింటికీ ఒకే యాంటెన్నా, వంతులవారీగా వాడుకోవాల్సిందే. అప్పుడు మాట మొత్తం పోకపోయినా ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే ఈ గొడవ పోతుంది. నాసిరకం కారు చార్జర్ కూడా ఇలాంటి రొద పుట్టించగలదు కాబట్టి ఒకసారి దాన్ని పీకేసి మాట్లాడి చూడండి. ఫోన్‌ను వెనక జేబులో పెట్టుకుని దానిమీద కూర్చోకండి, మన ఒళ్లే సిగ్నల్‌ను మింగేస్తుంది.

డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి AVRCP వెర్షన్ మార్చమని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అది పాట మార్చడం, ఆపడం, పాట పేరు చూపించడం వంటి పనులకు సంబంధించింది. కాల్ తెగడానికీ దానికీ చుట్టరికం లేదు. దాన్ని కదిపితే ఇప్పుడు బాగా పనిచేస్తున్న పాటల మీటలు పనిచేయడం మానేయవచ్చు.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిక్షేపంగా మాట్లాడగలిగి, బండి నడుస్తున్నప్పుడు మాత్రమే తెగుతుంటే అది వేరే కథ. ఏసీ ఆన్ అయినప్పుడో గతుకులో పడినప్పుడో స్టీరియో వెలుగు ఒక్క క్షణం తగ్గినా, గడియారం మొదటికి వచ్చినా, దానికి కరెంటు నిలకడగా అందట్లేదని అర్థం. స్టీరియో వెనకున్న ఎర్త్ వైరు వదులైందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీ పాత ఫోన్ ఇంకా ఉంటే దాన్ని తెచ్చి ఇదే బాటలో ఒకసారి మాట్లాడండి. దానితోనూ ఇప్పుడు తెగితే తప్పు కొత్త ఫోన్‌ది కాదు.

ఇవన్నీ అయ్యాక స్టీరియో మోడల్ నంబర్‌తో తయారీదారు సైట్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో వెతకండి. ఉంటే పెన్‌డ్రైవ్‌తో వేసుకోవచ్చు, కానీ నంబర్ చివరి అక్షరం దాకా సరిపోవాలి. వేసేటప్పుడు కరెంటు పోకూడదు. అదీ దొరక్కపోతే, స్టీరియోకు ఆక్స్ రంధ్రం ఉన్నట్లయితే మైకు కూడా ఉన్న చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలించుకోండి. అప్పుడు కాల్ పని మొత్తం ఆ రిసీవరే చూసుకుంటుంది, మీ స్టీరియో వట్టి స్పీకర్‌గా పనిచేస్తుంది. మైకు లేని రిసీవర్ మాత్రం కొనకండి, దానితో పాటలు వినిపిస్తాయి గానీ కాల్ మాట్లాడటానికి అది పనికిరాదు.