మూడు లక్షల ఖాతాలో ఒక క్రిప్టో ట్రేడుకు ఎంత పెట్టాలి?

ప్రశ్న: నా ఖాతాలో ₹3,00,000 ఉన్నాయి. ఒక ట్రేడులో 1 శాతం కంటే ఎక్కువ రిస్కు తీసుకోవద్దని అంటారు. అంటే ₹3,000కు మాత్రమే కొనాలా? ఈథర్‌ను ₹2,00,000 దగ్గర కొని, ₹1,88,000 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాలనుకుంటున్నాను. 20 రెట్లు లీవరేజి తీసుకుంటే లెక్క మారుతుందా?

జవాబు:

₹3,000 అనేది మీరు పెట్టవలసిన సొమ్ము కాదు. ట్రేడు తప్పితే పోగొట్టుకోవడానికి ముందే ఒప్పుకున్న సొమ్ము. ఎంత పెట్టాలన్నది మీరు నిర్ణయించేది కాదు, స్టాప్ దూరాన్ని, అంటే కొనే ధరకూ నష్టానికైనా అమ్మేసి బయటపడే స్టాప్ ధరకూ మధ్య తేడాను బట్టి తేలేది. సూత్రం ఇంతే:

```
పరిమాణం = ఒప్పుకున్న నష్టం ÷ (కొనే ధర − స్టాప్ ధర)
```

మీ ట్రేడులో స్టాప్ దూరం ఒక్కో ఈథర్‌కు ₹12,000. మూడు వేలను పన్నెండు వేలతో భాగిస్తే 0.25 ఈథర్, అంటే ₹50,000 విలువ. ధర స్టాప్‌కు చేరితే పోయేది ₹3,000.

కాగితం మీద లెక్క ఇక్కడితో ముగుస్తుంది కానీ, ఖాతాలోంచి పోయేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఫీజు ఉంటుంది. పైగా ధర వేగంగా పడుతుంటే మీ స్టాప్ ధరకే అమ్ముడవుతుందన్న హామీ లేదు. మనం అనుకున్న ధరకూ అమ్ముడైన ధరకూ మధ్య వచ్చే ఈ తేడానే స్లిప్పేజి అంటారు. మీ ఎక్స్ఛేంజి ఒక్కోవైపు 0.2 శాతం ఫీజు తీసుకుంటుందనుకుంటే, కొనడానికి ₹400, అమ్మడానికి సుమారు ₹376 అవుతుంది. స్లిప్పేజికి అర శాతం, అంటే ₹1,000 దాకా పక్కన పెట్టండి. మొత్తం దాదాపు ₹1,800. కాబట్టి అసలు దూరం ₹12,000 కాదు, ₹13,800. మూడు వేలను దీనితో భాగిస్తే 0.217 ఈథర్, విలువ ₹43,400. నేనైతే ఈ అంకెతోనే ఆర్డరు పెడతాను. చివరి దశాంశాన్ని ఎప్పుడూ కిందికే సవరిస్తాను, పైకి కాదు.

స్టాప్ దగ్గరగా ఉన్న కొద్దీ ఈ ఖర్చులు మరీ బాధిస్తాయి. మీరు ₹1,96,000 దగ్గర స్టాప్ పెట్టారనుకోండి. దూరం ₹4,000 మాత్రమే కనుక మామూలు సూత్రం 0.75 ఈథర్, అంటే లక్షన్నర రూపాయలకు కొనమంటుంది. ఖర్చులు కలిపితే ఒక్కో ఈథర్‌కు పోయేది సుమారు ₹5,800. అప్పుడు నష్టం ₹3,000 కాదు, దాదాపు ₹4,350. ఒక శాతం అనుకున్నది ఒకటిన్నర శాతం అయింది.

చాలామంది లెక్కను తలకిందులుగా వేసేదీ ఇక్కడే. ముందు లక్షన్నర పెట్టాలని మనసులో అనుకుంటారు. తర్వాత నష్టం మూడు వేలకు సరిపోయేదాకా స్టాప్‌ను పైకి లాక్కొస్తారు. ఈథర్ ధర ఏ వార్తా లేకుండానే ఒక్క రోజులో రెండు శాతం అటూ ఇటూ ఊగుతుంది. అలాంటి స్టాప్ మీ అంచనా తప్పినందుకు తగలదు, మామూలు ఊగిసలాటకే తగులుతుంది. స్టాప్ చార్టులోంచి రావాలి. ఇటీవల ధర పడి లేచిన అడుగు ₹1,90,000 అయితే, దానికి కాస్త కింద ₹1,88,000 పెట్టడంలో అర్థం ఉంది. అక్కడికి పడితే మీరు కొన్న కారణమే పోయినట్లు. ఆ దూరం మరీ ఎక్కువనిపిస్తే తగ్గించవలసింది పరిమాణాన్ని, దూరాన్ని కాదు.

ఇక లీవరేజి, అంటే చేతిలోని సొమ్ముకు కొన్ని రెట్లు పెద్ద పొజిషన్ తీసుకోవడం. అది ఈ లెక్కలోకి రానే రాదు. ఫ్యూచర్స్‌లో అయినా మీరు తీసుకోవలసిన పొజిషన్ అదే 0.217 ఈథర్. లీవరేజి మార్చేది ఆ పొజిషన్ కోసం ఎంత మార్జిన్, అంటే ఎంత సొంత సొమ్ము హామీగా కట్టాలన్నదాన్ని మాత్రమే. 10 రెట్లయితే ₹4,340, 20 రెట్లయితే ₹2,170. కానీ 20 రెట్ల దగ్గర ఒక చిక్కు ఉంది. ఆ ఒక్క పొజిషన్‌కు కట్టిన సొమ్మే హామీగా ఉండే ఐసోలేటెడ్ మార్జిన్‌లో ధర 5 శాతం పడితే మీరు కట్టిన మార్జిన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పొజిషన్ తెరిచి ఉండాలంటే కనీసం ఇంత మార్జిన్ మిగలాలన్న నిర్వహణ మార్జిన్ నియమం వల్ల ఎక్స్ఛేంజి అంతకంటే ముందే పొజిషన్‌ను మూసేస్తుంది. మీ స్టాప్ ఉన్నది 6 శాతం కింద. అంటే స్టాప్ దాకా వెళ్లే అవకాశమే లేదు, మధ్యలోనే లిక్విడేట్ అవుతారు. ధర అక్కడి నుంచి వెనక్కి తిరిగినా మీరు ట్రేడులో ఉండరు. ఆర్డరు పెట్టే ముందు తెరమీద చూపించే లిక్విడేషన్ ధర మీ స్టాప్‌కు బాగా కింద ఉందో లేదో చూడండి. 5 రెట్లలో అది దాదాపు 20 శాతం కింద ఉంటుంది కాబట్టి మీ ట్రేడుకు ఇబ్బంది లేదు.

ఈ సూత్రం తెలిసి కూడా నేను దెబ్బతిన్న రోజు 2021 మే 19. ఆ రోజు కొన్ని గంటల్లోనే బిట్‌కాయిన్ సుమారు 30 శాతం పడింది, ఈథర్ అంతకంటే ఎక్కువ పడింది. నా దగ్గర బిట్‌కాయిన్, ఈథర్, ఇంకో చిన్న కాయిన్ ఉన్నాయి. ఒక్కోదానిలో రిస్కు రెండు శాతమే, మూడూ వేర్వేరు ట్రేడులని నమ్మాను. పడేటప్పుడు మూడూ కలిసే పడ్డాయి. అది మూడు రెండు శాతాలు కాదు, ఒకే ఆరు శాతం రిస్కు. అప్పటి నుంచి ఒకే వైపు తెరిచిన ట్రేడులన్నిటి రిస్కూ కలిపి రెండు శాతం దాటనివ్వను. మీరు ఈథర్‌తో పాటు బిట్‌కాయిన్ కూడా కొనేటట్లయితే, ఆ మూడు వేలను రెండింటికీ పంచండి.

ఆ రోజు నష్టం ఆరు శాతంతో కూడా ఆగలేదు. నేను పెట్టినవి స్టాప్-లిమిట్ ఆర్డర్లు. ధర ట్రిగ్గర్‌ను తాకగానే, దానికి రెండు వందల రూపాయలు కింద లిమిట్ ఆర్డరు వెళ్లింది. అప్పటికే మార్కెట్ ఆ ధర దాటి పడిపోయింది. ఆర్డరు పుస్తకంలో అలా తెరిచే ఉంది, అమ్ముడు కాలేదు. యాప్‌లోకి వెళ్లి చేత్తో అమ్మేసరికి ఈథర్ ఒక్కదానిలోనే అనుకున్నదానికి మూడింతలు పోయింది. ట్రిగ్గర్ తాకగానే దొరికిన ధరకు అమ్మేసే స్టాప్-మార్కెట్ ఆర్డరు ఉంటే అదే వాడండి. స్లిప్పేజి పడినా బయటికి వస్తారు. అసలు కాయిన్‌నే కొని అమ్మే స్పాట్‌లో స్టాప్-లిమిట్ తప్ప మరో మార్గం లేకపోతే, ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య ఒకటి రెండు శాతం ఎడం ఉంచి, ఆ ఎడాన్ని కూడా స్టాప్ దూరంలో కలిపి పరిమాణం లెక్కించండి. మీ ట్రేడులో లిమిట్ ₹1,85,000 దగ్గర ఉంటే, ఫీజులతో కలిపి దూరం సుమారు ₹15,800. పరిమాణం 0.189 ఈథర్‌కు తగ్గుతుంది.

మన దేశంలో స్పాట్ ట్రేడు చేస్తున్నట్లయితే ఇంకొకటి గమనించాలి. 2022 జూలై 1 నుంచి అమ్మిన విలువలో 1 శాతం టీడీఎస్‌గా కోస్తున్నారు. 0.217 ఈథర్‌ను స్టాప్ దగ్గర అమ్మితే చేతికి రానిది దాదాపు ₹408. రిటర్ను వేసినప్పుడు అది పన్నులో సర్దుబాటవుతుంది కనుక నష్టంగా లెక్కించనక్కర లేదు. అయితే అప్పటిదాకా ఆ సొమ్ము మీ ఖాతాలో ఉండదు. ట్రేడు తప్పితే మీ ఖాతా ₹2,97,000 కాదు, సుమారు ₹2,96,600. తర్వాతి ట్రేడుకు ఒక శాతాన్ని ఈ మిగిలిన సొమ్ము మీద లెక్కించాలి, అంటే ₹2,966.