ఆపి చూస్తే బాగుంది, ప్లే చేస్తే పాకుతోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బీకాం ఆఖరి సంవత్సరం. సినిమా షాట్లలో మనుషుల, వస్తువుల అంచులు గీసి వేరుచేసే రోటో, అక్కర్లేనివి తుడిచేసే పెయింట్ పనుల్లో హైదరాబాద్‌లో ఆర్టిస్టుగా చేరాలని ఉంది. సాధన కోసం ఫోన్‌ను స్టాండు మీద పెట్టి, గోడ ముందు నుంచి మా తమ్ముడు నడిచి వెళ్తుంటే తీశాను. ఒక తూనీగ అడ్డంగా ఎగిరింది. దాన్ని 18 ఫ్రేముల్లోనూ ఒక్కొక్కటిగా తుడిచాను. ఏ ఫ్రేము ఆపి చూసినా బాగుంది, ప్లే చేస్తే చొక్కా మీద ఏదో పాకుతున్నట్టుంది. 2 నెలల కోర్సులో చేరమంటున్నారు. చేరాలా?

జవాబు: కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. ముందు ఈ ఒక్క షాట్ సరిచేయండి. పెయింట్ పనికి పెట్టే టెస్టులు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి.

18 ఫ్రేములనూ విడివిడిగా తుడవడమే మీ చిక్కు. బ్రష్ గీత ప్రతిసారీ ఓ పిక్సెల్ అటో ఇటో పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు తిరిగేటప్పుడు ఆ తేడాలే పాకినట్టు కనబడతాయి. అందుకని షాట్‌ను మూడు ముక్కలుగా చూడండి. ఉదాహరణకు తూనీగ 1 నుంచి 7 వరకు గోడ మీద, 8 నుంచి 14 వరకు చొక్కా మీద, చివరి 4 ఫ్రేముల్లో ముంజేయి అంచు మీద ఉందనుకుందాం.

గోడ తేలిక. కెమెరా కదలలేదు కాబట్టి తూనీగ, తమ్ముడు ఇద్దరూ లేని చోటును వేరే ఫ్రేము నుంచి తెచ్చి అతికిస్తే చాలు. కాకపోతే ఒకే ఫ్రేమును అలా నిలిపి ఉంచితే దానిలోని గ్రెయిన్, అంటే చిత్రంలో మినుకుమనే సన్నని చుక్కలు కూడా నిలిచిపోతాయి. చుట్టూ గోడ సన్నగా కదులుతుంటే ఆ ముక్క మాత్రం ప్రాణం లేనట్టు కనబడుతుంది. దాని గ్రెయిన్ తగ్గించి, ఫ్రేము ఫ్రేముకూ మారే కొత్త గ్రెయిన్ వేయాలి.

అసలు పని చొక్కా దగ్గర. ఈ పనికి వాడే న్యూక్ సాఫ్ట్‌వేర్ నాన్ కమర్షియల్ వెర్షన్ ఉచితం, సాధనకు సరిపోతుంది. `Tracker`లో చొక్కా మీద నిలకడగా కనిపించే గుర్తులు, అంటే జేబు మూల, బొత్తాం లాంటివి పట్టి, 11వ ఫ్రేము ఆధారంగా స్టెబిలైజ్ చేయండి. ఇప్పుడు చొక్కా దాదాపు కదలకుండా ఉంటుంది, తూనీగే దాని మీదుగా జారుతుంది. 11లో అది జేబును కప్పితే 8లో అదే జేబు ఖాళీగా ఉంటుంది. `RotoPaint`లో క్లోన్ బ్రష్‌కు 3 ఫ్రేముల వెనకటి చిత్రాన్ని మూలంగా ఇచ్చి ఆ బట్టనే తెచ్చుకోండి. ఇంకా దూరపు ఫ్రేముకు వెళ్లకండి, నడిచేకొద్దీ చొక్కా మడతలు మారిపోతాయి. తుడిచే చోటును చుట్టి గీసే మాస్కు తూనీగ ఒంటి వరకే ఉంటే చాలదు. రెక్కల మసక, చొక్కా మీద పడ్డ దాని నీడ కూడా అందులోకి రావాలి.

తర్వాత స్టెబిలైజ్‌ను తిప్పి పాత కదలికకు తేవాలి. ఇక్కడ చాలామంది మొత్తం చిత్రాన్నే తిప్పి తెస్తారు, దాంతో ఫ్రేమంతా కొద్దిగా మెత్తబడుతుంది. మాస్కు లోపలి ముక్కను మాత్రమే తిప్పి, ఒరిజినల్ మీద వేయండి.

ముంజేయి దగ్గర 4 ఫ్రేములే ఉన్నా, ఎక్కువ సమయం వాటికే పడుతుంది. ఊగే చేతి అంచు మసకగా ఉంటుంది. అక్కడ చేయి, గోడ కలిపి ఒకే ముక్క వేస్తే ఆ అంచు గీత గీసినట్టు గట్టిపడుతుంది. చేతికి విడిగా రోటో షేప్ గీయండి. మొదట 15, 18 ఫ్రేములు గీసి, తర్వాత మధ్యవి సరిచూసుకోండి. షేప్‌కు మోషన్ బ్లర్ పెట్టి, లోపల చేతి చర్మం, బయట గోడ వేరువేరుగా నింపండి. ఇది నిజంగా ఫ్రేము ఫ్రేముగా చేయాల్సిన చోటు. ఒకవేళ తూనీగ చేతితో పాటే అదే వేగంతో కదిలి ఉంటే ఏ ఫ్రేములోనూ ఖాళీ చర్మం దొరకదు. అప్పుడు పక్కనున్న చర్మం తెచ్చి, వెలుగు సరిపెట్టుకోవాల్సిందే.

అయిందనిపించాక లూప్‌లో పెట్టి చూడండి. వ్యూయర్‌లో గామా బాగా పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి ఆడించండి, చీకటిలో దాగిన అతుకులు బయటపడతాయి. ఆ తర్వాత ఒరిజినల్‌కూ దీనికీ తేడా తీయండి. మాస్కు బయట పూర్తిగా నల్లగా ఉండాలి. అక్కడ ఏమాత్రం మెరిసినా, ముట్టకూడనిది ముట్టారన్నమాట.

ఉద్యోగానికి మీ పని చూపించే రీలులో ఒరిజినల్, మాస్కు, ఫలితం మూడూ వరుసగా పెట్టండి. రోటో ఉద్యోగానికి చేతి షేప్‌ను, పెయింట్ ఉద్యోగానికి చొక్కా ముక్కను ముందు చూపించండి. కోర్సు సంగతంటారా, ఆ 4 ఫ్రేముల అంచు ఎన్నిసార్లు గీసినా కుదరకపోతే అప్పుడు చేరండి. చేరేముందు వాళ్లను ఇదే షాట్ మీ ఎదురుగా చేసి చూపించమని అడగండి.