రిలీవింగ్ లెటర్ కోసం రూ.16,000 కట్టాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేసి రాజీనామా చేశాను. 90 రోజుల నోటీసులో 45 రోజులే పనిచేశాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చారు గాని, రూ.16,000 కడితేనే రిలీవింగ్ లెటర్ ఇస్తామంటున్నారు. నా గ్రాస్ జీతం రూ.80,000, బేసిక్ రూ.40,000. ఆఖరి నెల జీతం, 18 రోజుల సెలవుల డబ్బు నాకు ఇంకా రావాలి. కొత్త కంపెనీ 30 రోజుల్లో రిలీవింగ్ లెటర్ అడుగుతోంది. సర్టిఫికెట్ సరిపోదా? పీఎఫ్ తీసి కట్టేయమంటారా?

జవాబు: సర్టిఫికెట్ ఒక్కటే సాధారణంగా సరిపోదు. మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదాలో పనిచేశారో మాత్రమే అది చెబుతుంది. మీ రాజీనామాను ఆమోదించామని, ఫలానా తేదీ పనివేళలు ముగిసేసరికి మిమ్మల్ని విధుల నుంచి విడుదల చేశామని చెప్పేది రిలీవింగ్ లెటర్. బకాయిలేవీ లేవన్న మాటను కూడా చాలా కంపెనీలు అందులోనే రాస్తాయి. మీరు ఒకేసారి రెండు చోట్ల ఉద్యోగంలో లేరని, పాత కంపెనీతో తగాదా ఏదీ మిగలలేదని కొత్త కంపెనీకి తెలియాలి కనుకనే ఆ లెటర్ అడుగుతుంది. కొన్ని సంస్థలు రెండింటినీ కలిపి ఒకే కాగితంగా ఇస్తాయి. మీ సర్టిఫికెట్‌లో విడుదల చేసినట్టు వాక్యం ఉందేమో ముందుగా ఒకసారి చదవండి.

ఇక రూ.16,000 సంగతి. ఈ అంకె ఎలా వచ్చిందో మీరిచ్చిన వివరాలే చెబుతున్నాయి. పన్ను, పీఎఫ్ కోతలను పక్కన పెడితే, మీకు రావలసింది ఆఖరి నెల జీతం రూ.80,000, బేసిక్ మీద లెక్కించిన 18 రోజుల సెలవుల డబ్బు రూ.24,000, మొత్తం రూ.1,04,000. పనిచేయని 45 రోజులకు గ్రాస్ మీద లెక్కిస్తే రూ.1,20,000 అవుతుంది, అందులో మీ రూ.1,04,000 పోగా మిగిలేది సరిగ్గా రూ.16,000. అంటే వాళ్లు సెలవులకు బేసిక్‌ను, నోటీసుకు గ్రాస్‌ను పట్టుకున్నారు. తమకు రావలసినప్పుడు పెద్ద జీతం, తాము ఇవ్వవలసినప్పుడు చిన్న జీతం అన్న ఈ పద్ధతి నాకు న్యాయంగా కనిపించదు గాని, మీరు సంతకం చేసిన నియామక పత్రంలో అలాగే ఉంటే దాన్ని కాదనడం కష్టం. పత్రంలో నోటీసు రికవరీ బేసిక్ మీద అని ఉంటే మాత్రం కోత రూ.60,000 మాత్రమే కావాలి. అప్పుడు మీరు కట్టేది ఏమీ లేకపోగా, వాళ్లే మీకు రూ.44,000 ఇవ్వాలి.

అందువల్ల మొదట ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ పట్టికను అంశాల వారీగా ఇమ్మని హెచ్ఆర్‌కు ఈమెయిల్ పంపి, నియామక పత్రంలోని ఆ నిబంధనను అందులో ఎత్తి రాయండి. నోటీసు రికవరీ మీద జీఎస్‌టీ కూడా వేసి ఉంటే తీసివేయమని అడగండి. అలాంటి రికవరీకి జీఎస్‌టీ వర్తించదని 2022 ఆగస్టు 3న వెలువడిన 178వ నంబరు సర్క్యులర్ స్పష్టం చేసింది.

నిబంధన గ్రాస్ అనే చెబితే, కట్టేయడమే మేలని నా అభిప్రాయం. రూ.16,000 కోసం పట్టుబట్టి కొత్త ఉద్యోగంలో ఒక్క నెల జీతం పోగొట్టుకున్నా నష్టం ఎన్నో రెట్లు. అయితే డబ్బు అందాక ఎన్ని రోజుల్లో లెటర్ ఇస్తారో, అందులో బకాయిలు లేవని రాస్తారో లేదో ముందే ఈమెయిల్‌లో రాయించుకుని, కంపెనీ ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపండి. ఈ మొత్తాన్ని కొత్త కంపెనీ భరిస్తానంటే తీసుకోవచ్చు గాని, సాధారణంగా అది మీ జీతాదాయంలో కలిసి పన్నుకు లోబడుతుంది.

పీఎఫ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. మీ సర్వీసు అయిదేళ్లు నిండలేదు కనుక ఇప్పుడు ఖాతా మూసి తీసుకుంటే పన్ను పడుతుంది. కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది. రిలీవింగ్ లెటర్‌కూ ఆ బదిలీకీ సంబంధం లేదు. కంపెనీ మీ నిష్క్రమణ తేదీని నమోదు చేయకపోతే, చివరి పీఎఫ్ జమ జరిగి రెండు నెలలు దాటాక ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లోని Mark Exit ద్వారా మీరే నమోదు చేసుకోవచ్చు.

తగాదా 30 రోజుల్లో తేలేలా లేకపోతే, ఆ సంగతి కొత్త కంపెనీ హెచ్ఆర్‌కు మీరే ముందుగా చెప్పండి. వాళ్ల తరఫున వెరిఫికేషన్ చేసేవారు పాత కంపెనీని నేరుగా అడుగుతారు. చెప్పాపెట్టకుండా మానేశారని అక్కడ రికార్డయి ఉంటే మీ చేతిలోని సర్టిఫికెట్ దాన్ని కప్పలేదు. రాజీనామా ఆమోదించిన ఈమెయిల్, చివరి పనిదినాన్ని ధ్రువీకరించిన సందేశం, ల్యాప్‌టాప్ అప్పగించిన రసీదు, ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు, సెటిల్‌మెంట్ మీద నడుస్తున్న ఉత్తరాలు కలిపి ఇస్తే, లెటర్ తెచ్చేందుకు చాలా సంస్థలు మరికొంత గడువు ఇస్తాయి. ఆ గడువును కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.