డబ్బా మీద ఉన్నది మందుల లైసెన్సా, ఫుడ్ లైసెన్సా?

ప్రశ్న: ఆయుర్వేదం, హెర్బల్ అని ఇన్ని బ్రాండ్లు వస్తున్నాయి. లైసెన్స్ నంబర్, లోపలి పదార్థాల లిస్టు చూసి ఏది నమ్మొచ్చో ఎలా తెలుసుకోవాలి?

నేను లేబుల్ చదవడం నేర్చుకున్నది మా అమ్మ మోకాళ్ల నొప్పుల వల్ల. కొత్తపేటలో మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ ఆంటీ రెండేళ్ల కిందట ఒక డబ్బా తెచ్చి, "వదినా, నాకు వారంలో మెట్లెక్కడం వచ్చేసింది, మీరూ వాడి చూడండి" అని ఇచ్చింది. అరవై క్యాప్సూల్స్, 1,800 రూపాయలు. నిజంగానే నాలుగో రోజుకి అమ్మ నొప్పి పోయింది. ఐదేళ్లుగా కింద కూర్చోలేని మనిషి పూజగదిలో పీట వేసుకుని కూర్చుంది. ఇంట్లో అందరం సంబరపడ్డాం, నేనే ఇంకో రెండు డబ్బాలు తెప్పించాను.

రెండు నెలలు తిరిగేసరికి అమ్మ మొహం ఉబ్బింది. చెంపలు గుండ్రంగా అయిపోయి పాత ఫొటోతో పోలిస్తే వేరే మనిషిలా ఉంది. ఎప్పుడూ 110 దాటని పరగడుపు షుగర్ 190 చూపించింది. డాక్టర్ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే, అమ్మ "మందులేం లేవండీ, ఆయుర్వేదం అంతే" అంది. ఆయన వెంటనే పొద్దున ఎనిమిదింటికి తీసే కార్టిసాల్ టెస్ట్ రాశారు, అది బాగా తక్కువ వచ్చింది. క్యాప్సూల్స్‌లో ఎవరో కలిపిన స్టెరాయిడ్ బయటి నుంచి వస్తుంటే, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్, అంటే కార్టిసాల్, ఆగిపోతుందట. అందుకే క్యాప్సూల్స్ ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని, వాటి బదులు లెక్క తెలిసిన స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. ఇలాంటివి నెలల తరబడి వాడినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, భయంతో ఇవాళే ఆపేయకండి, డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆ రాత్రి డబ్బాని ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చదివాను. అక్షరాలు ఎంత చిన్నవంటే అరవై దాటినవాళ్లు చదవనే లేరు, కొనేదేమో వాళ్లే! ముందు వైపు పచ్చటి ఆకు, నూరు శాతం హెర్బల్, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, ఐఎస్ఓ, జీఎంపీ ముద్రలు. వెనక లైసెన్స్ నంబర్ అని పద్నాలుగు అంకెలు. మనం నంబర్ కనపడగానే హమ్మయ్య అనుకుంటాం, నేనూ అంతే. కానీ పద్నాలుగు అంకెల నంబర్ ఎఫ్ఎస్ఎస్ఏఐది, అంటే ఆహార పదార్థాలది, పచ్చళ్ల సీసా మీదా బిస్కెట్ ప్యాకెట్ మీదా ఉండేది. దాని మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారులు తీసుకునే రిజిస్ట్రేషన్. మా డబ్బా మీద 2 ఉంది. ఆ నంబర్‌ని foscos.fssai.gov.in లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. నేను కొడితే డబ్బా మీద ఉన్న కంపెనీ పేరు కాకుండా ఇంకెవరిదో వచ్చింది.

నా లెక్క ప్రకారం సగం అనుమానం ఇక్కడే తీరిపోతుంది. ఫుడ్ లైసెన్స్ ఉన్నది జబ్బు తగ్గిస్తానని చెప్పకూడదు. హెల్త్ సప్లిమెంట్ అయితే మందుగా వాడటానికి కాదు అని దాని మీదే రాయాలి. ఫుడ్ నంబర్ పెట్టుకుని కీళ్లవాతం తగ్గిస్తాం, షుగర్ తగ్గిస్తాం అని రాశారంటే ఆ డబ్బా తెరవక్కర్లేదు. అసలైన ఆయుర్వేద మందుకి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద రాష్ట్రం ఇచ్చే తయారీ లైసెన్స్ ఉంటుంది. దాని నంబర్ రూపం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, చాలావాటిలో ఆయుర్వేదాన్ని సూచించే పొట్టి అక్షరాలు కనిపిస్తాయి. దాంతోపాటు ఆయుర్వేద ఔషధం అనే మాట, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, తయారుచేసినవాళ్ల పూర్తి అడ్రస్ ఉండాలి. తయారుచేసినవాళ్లు అన్నాను గమనించండి. మార్కెటింగ్ చేసేవాళ్ల పేరు పెద్దక్షరాల్లో వేసి, ఎక్కడ తయారైందో రాయకపోతే నేను కొనను.

ఇక లిస్టు. మా డబ్బా మీద "అరుదైన మూలికల మిశ్రమం, తగినంత" అని ఉంది, అంతే. మందు అయితే ప్రతి మూలికకీ శాస్త్రీయ నామం, చెట్టులో ఏ భాగం, ఎన్ని మిల్లీగ్రాములు అనేది లేబుల్ మీద రాయాలి. చోటు చాలకపోతే లోపల కాగితంలో పెట్టాలి. అశ్వగంధ అని ఊరికే రాస్తే సరిపోదు, విథానియా సోమ్నిఫెరా, వేరు, ఇంత అని ఉండాలి. శాస్త్రోక్తమైన మందు అయితే ఏ గ్రంథం నుంచి తీసుకున్నారో కూడా రాస్తారు. చట్టం ఒప్పుకున్న గ్రంథాల జాబితాలో చరక సంహిత, భైషజ్య రత్నావళితో పాటు మన బసవరాజీయం కూడా ఉంది. కంపెనీ సొంత ఫార్ములా అయితే గ్రంథం పేరు ఉండకపోవచ్చు, కానీ లిస్టు మాత్రం ఉండి తీరాలి.

లిస్టు ఉంటే కూడిక చేయండి, ఈ పని ఎవరూ చేయరు. తర్వాత మా మామయ్య తెచ్చిన ఇంకో డబ్బాలో శల్లకి 250, అశ్వగంధ 200, గుగ్గులు 200, శొంఠి 150, వావిలి 100, అన్నీ మిల్లీగ్రాముల్లో, అన్నీ చూర్ణాలే అని రాసుంది. మొత్తం 900. అదే లేబుల్ మీద ఒక్కో క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములు అనీ ఉంది. 900 చూర్ణం 500లో ఎలా పడుతుంది? ఎక్స్‌ట్రాక్ట్ అని రాసి, ఇంత చూర్ణం నుంచి తీసింది అంటే కుదురుతుంది, ఎందుకంటే సారం తీస్తే బరువు తగ్గుతుంది. ఆ మాట లేకుండా లెక్క తప్పిందంటే ఎక్కడో చూసి కాపీ కొట్టిన లిస్టు అన్నమాట.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా స్టెరాయిడ్ కలిపితే లేబుల్ చెప్పదు. అది దేహమే చెబుతుంది. మూలికలతో ఏళ్లనాటి కీళ్లనొప్పి నాలుగు రోజుల్లో పోదు, మా వైద్యుడుగారు యోగరాజ గుగ్గులు ఇచ్చినప్పుడు ఆరు వారాలు ఆగి చూద్దామన్నారు. మందు మొదలుపెట్టిన వారంలోనే అద్భుతం జరిగి, ఆకలి పెరిగి, మానిన రెండు రోజులకే నొప్పి రెట్టింపై వచ్చిందంటే సంతోషించే విషయం కాదది.

ఫిర్యాదు ఇవ్వాలంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ 1800-599-6969 ఉంది. డబ్బా, బిల్లు, మిగిలిన క్యాప్సూల్స్ దాచి ఉంచండి. మా దగ్గర బిల్లు లేదు. ఆంటీకి ఎవరో కొరియర్‌లో పంపారు, డబ్బులు ఫోన్‌లో కొట్టింది. నేను వెళ్లి విషయం చెప్పేసరికి ఆవిడ ఖాళీ డబ్బాలో మెంతులు పోసుకుని, లేబుల్ చింపి పారేసింది. ఆవిడ కార్టిసాల్ కూడా తక్కువే వచ్చింది.