తొడలు పట్టేశాయి.. వ్యాయామం ఆపాలా, కొనసాగించాలా?

ప్రశ్న: నా వయసు 42. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కొలెస్ట్రాల్ ఉందని ఏడాదిగా అటార్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటున్నాను. జిమ్‌కు వెళ్లే వీలు లేక మొన్న ఆదివారం ఇంట్లోనే 60 స్క్వాట్లు, 20 పుషప్స్ చేశాను. సోమవారం కాస్త నొప్పి ఉంది. మంగళవారానికి మెట్లు దిగలేకపోయాను. ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉంది. నొప్పి ఉన్నా రోజూ చేస్తేనే పోతుందని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కరీంనగర్

సలహా: అలవాటు లేని శ్రమ చేసిన తర్వాత ఇలా ఆలస్యంగా నొప్పి మొదలవడం సహజమే. ఇది సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువై, వారంలోపు తగ్గిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు కానీ, వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోపే దాని స్థాయి మామూలుకు వచ్చేస్తుంది కాబట్టి మంగళవారం నాటి నొప్పికి అది కారణం కాదు. కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వచ్చినప్పుడు దాని పోగుల్లో అతి సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చే వాపే ఈ నొప్పికి మూలం. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరాలు చేసేది ఈ పనే, మెట్లు దిగేటప్పుడు చేసేదీ ఇదే. ఎక్కడం కంటే దిగడం మీకు కష్టంగా ఉండటానికి కారణం అదే.

అయితే ముందుగా మీరు ఒక విషయం గమనించుకోవాలి. మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా, బాగా తగ్గిపోయినా, తొడలు ఉబ్బి గట్టిపడినా, కుర్చీలోంచి లేవలేనంత బలహీనత వచ్చినా ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కండరాలు మరీ ఎక్కువగా దెబ్బతిన్నప్పుడు వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఇది అరుదే అయినా, ఒక్కసారిగా ఎక్కువ వ్యాయామం చేసిన కొత్తవారిలో, అందులోనూ ఎండలో, నీళ్లు సరిగా తాగకుండా చేసినవారిలో జరగవచ్చు. మీరు వాడుతున్న మాత్ర కూడా కొందరిలో కండరాల నొప్పి కలిగిస్తుంది. అలాగని దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. వారం దాటినా నొప్పి తగ్గకపోయినా, వ్యాయామం చేయని భుజాలు, పిక్కల్లో కూడా నొప్పి ఉన్నా, ఆ మాత్ర రాసిన డాక్టర్‌కు చెప్పి కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీపీకే అనే రక్తపరీక్ష చేయించుకోండి. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. కఠినమైన వ్యాయామం తర్వాత కొన్ని రోజులపాటు సీపీకేతో పాటు కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరగవచ్చు కాబట్టి, ఆ సమయంలో పరీక్ష చేయించుకుంటే ముందు చేసిన వ్యాయామం గురించి డాక్టర్‌కు తప్పక చెప్పండి. చెప్పకపోతే లేని కాలేయ సమస్య ఉన్నట్టు అనుమానించే అవకాశం ఉంది.

ఈ లక్షణాలేవీ లేకపోతే, నొప్పి తగ్గేదాకా మంచానికి అతుక్కుపోనవసరం లేదు. సమతలంలో నెమ్మదిగా నడిస్తే పట్టేసిన కండరాలు కొంత వదులవుతాయి. వేడినీళ్ల స్నానం, తేలికపాటి మర్దన హాయినిస్తాయి కానీ, మానే కాలాన్ని పెద్దగా తగ్గించవు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా కొని వాడవద్దు. కండరాలు బాగా దెబ్బతిని, ఒంట్లో నీరు తక్కువగా ఉన్న స్థితిలో అవి మూత్రపిండాలపై భారం పెంచుతాయి.

మీ మిత్రుల మాటలో సగమే నిజం ఉంది. ఒకసారి ఈ నొప్పి అనుభవించిన కండరం కోలుకున్నాక, తర్వాతి కొన్ని వారాల్లో అదే వ్యాయామానికి అంతగా నొప్పి పుట్టదు. ఈ రక్షణ కోలుకున్న తర్వాత లభించేదే తప్ప, నొప్పి మీద నొప్పి పెంచితే వచ్చేది కాదు. కండరం బలపడేది విశ్రాంతి వేళలోనే. అందుకే ఒకే కండరాలకు పని చెప్పే రెండు రోజుల మధ్య కనీసం 48 గంటల వ్యవధి ఇవ్వాలి. సోమ, గురువారాలు వ్యాయామానికి కేటాయించుకుని, మిగతా రోజుల్లో నడక పెట్టుకుంటే మీకు సరిపోతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తోంది.

నొప్పి పూర్తిగా తగ్గాక మళ్లీ 60తో మొదలుపెట్టకండి. కదలకుండా ఉండే ఒక కుర్చీని గోడకు ఆనించి, దాని ముందు నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి తిరిగి ఉండాలి. ముందు తుంటిని వెనక్కి నెట్టి, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా దిగి, పిరుదులు కుర్చీని తాకగానే కూలబడకుండా లేవండి. మడమలు నేలను వదలకూడదు. కొత్తవారిలో నేను ఎక్కువగా చూసే పొరపాటు పైకి లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోవడం. ఎదురుగా అద్దం పెట్టుకుంటే ఇది వెంటనే తెలిసిపోతుంది. మోకాలు ఎప్పుడూ పాదం రెండో వేలు వైపే చూస్తుండాలి. దిగేటప్పుడు ఊపిరి పీల్చి, లేచేటప్పుడు వదలండి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

పుషప్స్‌ను నేల మీద కాకుండా వంటగది గట్టు మీద చేతులు ఆనించి మొదలుపెట్టండి. తల నుంచి మడమల దాకా శరీరం ఒకే గీతలో ఉండాలి. నడుము కిందికి జారుతోందంటే పొట్ట కండరాలు అలసిపోయినట్టే కనుక అక్కడితో ఆపేయాలి. మోచేతులు పక్కలకు పూర్తిగా విచ్చుకోకుండా, ఒంటికి దాదాపు 45 డిగ్రీల కోణంలో ఉంటే భుజం కీలుపై ఒత్తిడి తగ్గుతుంది.

మొదటి వారం రెండింటినీ ఎనిమిదేసి చొప్పున ఒక్క విడతే చేయండి. ఇది చాలా తక్కువ అనిపిస్తుంది, అయినా దాటవద్దు. మర్నాడూ ఆ మర్నాడూ తొడల్లో స్వల్పంగా బిగువు మాత్రమే ఉంటే ఆ మోతాదు మీకు సరిపోయినట్టు. రెండో వారం నుంచి మధ్యలో రెండు నిమిషాల విరామంతో రెండు విడతలు చేయవచ్చు. ప్రతి విడతనూ ‘ఇంకా రెండు మూడు చేయగలను’ అనిపించినప్పుడే ఆపండి. వరుసగా రెండుసార్లు 12 చొప్పున రెండు విడతలు సరైన భంగిమలో పూర్తిచేయగలిగితే, కుర్చీ బదులు కాస్త ఎత్తు తక్కువ స్టూల్‌కు, గట్టు బదులు బరువైన, కదలని బెంచీకి మారండి. వ్యాయామానికి వెళ్లేసరికి నొప్పి ఇంకా మిగిలి ఉండి, మామూలుగా కూర్చుని లేవడమే ఇబ్బందిగా ఉంటే ఆ రోజు మానేసి, తర్వాతి రోజుకు మార్చుకోండి.

కండరం నొప్పికీ కీలు నొప్పికీ తేడా తెలుసుకోవాలి. రెండు తొడల్లో సమానంగా, నొక్కితే సలుపుతూ, కాసేపు నడిస్తే తగ్గేది కండరం నొప్పి. ఒక్క మోకాలిలోనే, వ్యాయామం చేస్తుండగానే, గుచ్చినట్టు వచ్చి, కీలు వాచినా, మడిచిన మోకాలు చాచలేకపోయినా అది వేరే సమస్య. అప్పుడు స్క్వాట్లు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. నొప్పి లేకుండా మోకాలిలో వచ్చే చిటపట శబ్దాలకు మాత్రం కంగారు పడనవసరం లేదు. వ్యాయామం చేసేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి. మీకు కొలెస్ట్రాల్ సమస్య ఉంది కాబట్టి, దాంతో పాటు అధిక రక్తపోటు, మధుమేహం, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చిన చరిత్రలో ఏవైనా ఉంటే, నొప్పి తగ్గి మళ్లీ మొదలుపెట్టే ముందే ఒకసారి ఫిజీషియన్‌కు చూపించుకుని, బీపీ, ఈసీజీ చేయించుకోండి.