ప్రొబేషన్ పొడిగించిన మెయిల్‌లో కారణం లేదు, రివ్యూ తేదీ లేదు. ఇప్పుడేం చేయాలి?

"మేడమ్, మా అమ్మాయి బీకాం చదివి హైదరాబాద్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా 2025 జూన్ 2న చేరింది. ఆరు నెలల ప్రొబేషన్ డిసెంబర్ 1తో అయిపోయింది. కన్ఫర్మేషన్ లెటర్ కోసం చూస్తుంటే 9వ తేదీన 'పనితీరు సంతృప్తికరంగా లేదు, మూడు నెలలు పొడిగిస్తున్నాం' అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. నేను హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే సరిగ్గా మాట్లాడలేదు. రిజైన్ చేయించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నా. ఉండటం మంచిదా, మానేయడం మంచిదా?" (ఒక తండ్రి, ఖమ్మం)

ఉద్యోగం పోలేదండీ, ముందు ఆ భయం తీసేయండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను పంపించేయాలనుకుంటే చాలా కంపెనీలకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకున్న చిన్న నోటీసు చాలు. పొడిగించారంటే ఇంకా చూద్దామనే అనుకుంటున్నారు. పీఎఫ్ చేరిన రోజు నుంచే నడుస్తుంది, గ్రాట్యుటీ సర్వీసు కూడా అప్పటినుంచే లెక్క. రేపు వేరే చోటికి వెళ్లినా ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో మామూలుగా ఉండేది చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మాత్రమే.

ఒక మాట కటువుగానే చెబుతాను, ఏమనుకోకండి. మీరు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి ఉండకూడదు. ఇరవై రెండేళ్ల పిల్ల జీతం తీసుకుంటున్న చోట నాన్న మాట్లాడితే, ఆ పిల్ల తన పని గురించి తాను మాట్లాడుకోలేదేమోనన్న అనుమానం వాళ్లకు కలుగుతుంది. ఇకమీదట మాట్లాడాల్సింది అమ్మాయే, అదీ మెయిల్‌లో.

ఇప్పుడు డేటా సైన్స్. అమీర్‌పేట కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చిన కామర్స్ పిల్లల్ని చాలామందిని చూశాను. మూడు నాలుగు నెలల్లో పైథాన్, కొన్ని టూల్స్ నేర్పుతారు, కానీ స్టాటిస్టిక్స్ పునాది అంత తొందరగా రాదు. ఇంటర్వ్యూలో ఇంజినీరింగ్, స్టాట్స్ చదివినవాళ్ల పక్కన కూర్చోవాలి. చేతిలో ఉన్న ఆరు నెలల జీఎస్టీ, వెండర్ బిల్లుల అనుభవం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. అమ్మాయికి నిజంగా ఇష్టమైతే సాయంత్రాలు నేర్చుకోనివ్వండి, బాధలో రిజైన్ చేయించి మాత్రం వద్దు.

అసలు లోపం ఆ రెండు లైన్ల మెయిల్‌లో ఉంది. నేను హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి రాశాను కాబట్టి చెబుతున్నా, 'సంతృప్తికరంగా లేదు' అన్నది కారణం కాదు. ఏ పనిలో, ఏ నెలలో, ఎంత తేడా వచ్చిందో రాస్తేనే అది కారణం. సరైన లెటర్ ఇంగ్లీషులో రాసినా విషయం ఇలా ఉండాలి:

"అపాయింట్‌మెంట్ లెటర్‌లోని ప్రొబేషన్ క్లాజు ప్రకారం మీ ప్రొబేషన్‌ను 2026 మార్చి 1 వరకు పొడిగిస్తున్నాం. సెప్టెంబర్, అక్టోబర్ నెలల రీకన్సిలియేషన్ నాలుగేసి రోజులు ఆలస్యమైంది. వెండర్ బిల్లుల ఎంట్రీలో జీఎస్టీ నంబర్ల తప్పులు మళ్లీమళ్లీ వచ్చాయి. ఇకపై ప్రతి నెలా 5వ తేదీలోగా రీకన్సిలియేషన్ పూర్తి కావాలి. జనవరి 12న మీ మేనేజర్ మీతో కూర్చుని పురోగతి చూస్తారు. ఫిబ్రవరి 16న తుది రివ్యూ జరుగుతుంది, నిర్ణయం మార్చి 1లోగా రాతపూర్వకంగా తెలియజేస్తాం. జీతం, ఇతర షరతుల్లో మార్పు లేదు."

తుది రివ్యూ ఆఖరి రోజుకు రెండు వారాల ముందే పెట్టడం ఎందుకంటే, మేనేజర్ సెలవులో ఉన్నా, సంతకం ఆలస్యమైనా గడువు దాటకుండా ఉంటుంది. 'యాటిట్యూడ్ బాగోలేదు' లాంటి మాట ఉంటే అమ్మాయి ఒప్పుకోకూడదు, అది పని గురించి కాదు, మనిషి మీద మచ్చ. ఈ వివరాలన్నీ అడుగుతూ ఈ వారమే మెయిల్ పెట్టమనండి: "పొడిగింపు మెయిల్ అందింది. నేను సరిదిద్దుకోవాల్సిన పనులు, కొలమానం, రివ్యూ తేదీ రాతలో ఇవ్వగలరు." అంతే, వాదన వద్దు.

ఇంకొకటి. ప్రొబేషన్ 1న ముగిస్తే మెయిల్ 9న వచ్చింది, కాబట్టి తను ఆటోమేటిక్‌గా కన్ఫర్మ్ అయిపోయిందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిబంధనల్లో గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా కొనసాగిస్తే కన్ఫర్మ్ అయినట్టేనని సుప్రీంకోర్టు ధరమ్ సింగ్ కేసులో 1968లో చెప్పింది, నిజమే, కానీ అది పంజాబ్ ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనల మీద ఇచ్చిన తీర్పు. ప్రైవేటులో ముందు చూడాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్. 'రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగుతుంది' అని ఉంటే ఆ వాదన బలహీనం. 'గరిష్ఠంగా మూడు నెలలు మాత్రమే పొడిగించవచ్చు' అని ఉంటే మార్చి 1 తర్వాత మళ్లీ పొడిగిస్తామంటే అడిగే హక్కు తనకుంది. రెండోసారీ కారణం లేకుండా పొడిగిస్తే అప్పుడు వేరే ఉద్యోగం వెతకమనండి, అదీ అకౌంట్స్‌లోనే.

కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక అమ్మాయి రెండు లైన్లు ముందు చదవాలి: ఏ తేదీ నుంచి కన్ఫర్మ్ చేశారు, నోటీసు పీరియడ్ ఎంతకు పెరిగింది. ప్రొబేషన్‌లో 15 రోజులున్నది ఒక్కసారిగా 60 లేదా 90 అవడం మామూలే, అది చూడకుండా సంతకం పెట్టనివ్వకండి.