డల్లాస్‌కి గుడ్ మార్నింగా, అందరికీ గుడ్ డేనా, వట్టి హలోనా?

ప్రశ్న: "హైదరాబాద్‌లో సపోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరాను. నా మెయిల్స్ డల్లాస్, లండన్, సిడ్నీ మూడు చోట్లకీ వెళ్తాయి. సాయంత్రం పంపేటప్పుడు గుడ్ మార్నింగ్ అనాలా, గుడ్ ఈవినింగ్ అనాలా? మా లీడ్ ఎప్పుడూ గుడ్ డే అని పెడతారు. హలో అంటే మర్యాద తక్కువవుతుందా?"

మెయిల్‌కయితే హలో లేదా హాయ్, పక్కన పేరు. మర్యాద ఏమాత్రం తగ్గదు. గుడ్ మార్నింగ్‌ని కాల్‌కీ, అప్పటికప్పుడు జవాబొచ్చే చాట్‌కీ ఉంచుకోండి. గుడ్ డే నేను వాడను, ఎందుకో తర్వాత చెప్తాను. నేను కూడా చాలా ఏళ్లుగా ఇవే షిఫ్టుల్లో, ఇంచుమించు ఇవే ఊళ్లతో పనిచేస్తున్నాను కాబట్టి మీ మెయిల్‌నే తీసుకుని చూద్దాం.

జూలైలో ఒక మంగళవారం సాయంత్రం ఆరున్నరకి మీరు హ్యాండోవర్ మెయిల్ పంపారనుకోండి. ఆ క్షణంలో డల్లాస్‌లో పొద్దున 8, లండన్‌లో మధ్యాహ్నం 2, సిడ్నీలో రాత్రి 11. మీది సాయంత్రం. ఒకే మెయిల్‌కి నాలుగు పూటలు. గుడ్ మార్నింగ్ అంటే డల్లాస్‌కి మాత్రమే సరిపోయేలా ఉంది కదా? అది కూడా ఆయన ఎనిమిదికే తెరిస్తే. ఎనిమిదికి కారులో ఉండి, ఆఫీసుకొచ్చాక వరసగా రెండు మీటింగులయ్యి, లంచ్ ముందు ఇన్‌బాక్స్ చూశాడంటే పన్నెండు దాటిపోయింది. ఇక సిడ్నీ ఆవిడ పడుకుంది, మర్నాడు పొద్దున కాఫీతో పాటు చూస్తుంది. అంటే మీరు పంపిన పూటకి గుడ్ మార్నింగ్ ఆవిడకి అస్సలు నప్పదు, చదివే పూటకి మాత్రం చక్కగా కుదిరింది. మెయిల్‌లో పలకరింపు వెళ్లాల్సింది చదివేవాళ్ల గడియారాన్ని బట్టి. ఆ గడియారం అప్పుడెంత చూపిస్తుందో మీకు తెలిసే దారి లేదు. అందుకే పూట లేని పలకరింపు కావాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. మీరు పంపిన టైమ్ మెయిల్ హెడర్‌లో ఇలా వెళ్తుంది:

```
Date: Tue, 15 Jul 2025 18:30:00 +0530
```

చివరనున్న +0530 మన టైమ్‌జోన్. కానీ అవతలివాళ్ల ఔట్‌లుక్ గానీ జీమెయిల్ గానీ దాన్ని వాళ్ల లోకల్ టైమ్‌లోకి మార్చి చూపిస్తుంది. డల్లాస్ ఆయన స్క్రీన్ మీద "8:00 AM" అని ఉంటుంది, కిందే మీరు రాసిన గుడ్ ఈవినింగ్. తప్పేం కాదు, మీరు ఇండియా అని ఆయనకి తెలుసు. కాకపోతే చదివేవాడు ఒక్క సెకను ఆగి లెక్కేసుకుంటాడు. ఆ ఆగడం ఎందుకు?

ఇప్పుడు గుడ్ డే. పూట గొడవ లేకుండా అందరికీ ఒక్కటే పెడదామని మీ లీడ్ ఆలోచన, అది అర్థమవుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ మాట ఒక్కో దేశంలో ఒక్కోలా వినపడుతుంది. అమెరికాలో రోజువారీ మాటల్లో గుడ్ డే దాదాపు లేదు. ఉంటే గింటే విసురుగా మాట తెంచేసి వెళ్లిపోయేటప్పుడు అనేదిగా ఉంది. పైగా ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి, లాటరీ తగిలిందనో వారసత్వం వచ్చిందనో వచ్చే మోసపు మెయిల్స్ చాలావరకు గుడ్ డే, డియర్ సర్‌తోనే మొదలవుతాయి. మిమ్మల్ని ఎరగని కొత్త క్లయింట్‌కి మొదటి మెయిల్‌లోనే ఆ వాసన తగలడం మంచిది కాదు. లండన్‌లో అది పాతకాలపు మాట. ఆస్ట్రేలియాలో దాని పొట్టి రూపం నోటి మాటగా బతికే ఉంది, కానీ అది వాళ్లు వాళ్లలో అనుకునేది. మనం మెయిల్‌లో అరువు తెచ్చుకుంటే వేషం కట్టినట్టుంటుంది.

అలాగని గుడ్ డే ఎక్కడా పనికిరాదని కాదు. ఫిలిప్పీన్స్ ఆఫీసుల్లో అది మామూలు మర్యాద. మనీలా టీమ్ నుంచి వచ్చే మెయిల్స్ సగానికి సగం దాంతోనే మొదలవుతాయి, వాళ్లకి అదే మాటతో తిరిగి రాస్తే హాయిగా ఉంటుంది. మీ లిస్టులో మనీలా లేదు కాబట్టి ఆ అవసరం పడదు. మీ లీడ్‌కి మాత్రం ఇదంతా వెళ్లి చెప్పకండి. ఆయన మెయిల్ ఆయన పెట్టుకుంటారు, మీ మెయిల్ మీరు పెట్టుకోండి.

హలో, హాయ్‌ల మధ్య తేడా గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మొదటిసారి రాసేవాళ్లకి హలో, రోజూ మాట్లాడేవాళ్లకి హాయ్. ముగ్గురికి కలిపి రాస్తే హాయ్ ఆల్. మర్యాదంతా పక్కన పేరు ఉండటంలో, ఆ పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉండటంలో ఉంది.

చాట్‌లో మాత్రం హలోతో అసలు ప్రమాదం. మా దగ్గర కొత్తవాళ్లందరూ చేసేదే: హలో అని కొట్టి, అవతలివాళ్లు పలికేదాకా ఆగుతారు. పక్క సీటువాళ్లతో అయితే నడుస్తుంది. మీది పొద్దున ఆరు నుంచి మూడింటి షిఫ్ట్ అనుకోండి, పదకొండింటికి డల్లాస్ ఆయనకి హలో అని పెట్టారు. అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. ఆయన పొద్దున ఎనిమిదికి చూసి "హాయ్, చెప్పండి" అంటాడు. అప్పుడు మనకి సాయంత్రం ఆరున్నర, మీరు ఇంటికెళ్లిపోయారు. మర్నాడు ఆరింటికి వచ్చి మీరు విషయం రాస్తారు. అక్కడ అది ఇంకా ముందురోజు రాత్రి ఏడున్నర, ఆయన ల్యాప్‌టాప్ మూసేశాడు. అడగాల్సింది ఒక్క పాస్‌వర్డ్ రీసెట్, దానికి రెండు రోజులు. కాబట్టి హలో అన్న మెసేజ్‌లోనే విషయం కూడా పెట్టేయాలి: "హాయ్, రాత్రి బ్యాచ్ జాబ్ రెండోసారి ఫెయిలైంది, లాగ్ జత చేశాను, మీరు అప్రూవ్ చేస్తే మళ్లీ రన్ చేస్తాను." ఆయన ఎప్పుడు లేచి చూసినా పని కదులుతుంది.

కాల్‌లో కథ వేరు. అక్కడ మనిషి మీ ఎదురుగా ఉన్నట్టే, ఆయన పూటకి గుడ్ మార్నింగ్ అనడం బాగుంటుంది, మన మీద శ్రద్ధ ఉంది అనిపిస్తుంది కూడా. ఒక్కరే ఉంటే వాళ్ల పూట, మూడు ఊళ్లవాళ్లూ ఉంటే హలో ఎవ్రీవన్. గుడ్ నైట్ మాత్రం రాత్రి కాల్ మొదట్లో అనకండి. మనవాళ్లు రాత్రిపూట ఎదురుపడితే అనేస్తుంటారు గానీ, అది వెళ్లొస్తామని చెప్పేటప్పటి మాట.

కాల్‌లో తడబడేది ఎక్కువగా పన్నెండు గంటల అంచున. మన రాత్రి పదిన్నర కాల్ చూడండి. జనవరిలో అది డల్లాస్‌లో పొద్దున 11, కాబట్టి గుడ్ మార్నింగ్. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది. సోమవారం అదే పదిన్నరకి అక్కడ మధ్యాహ్నం 12, అంటే గుడ్ ఆఫ్టర్‌నూన్. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. లండన్ జరిపేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. సిడ్నీ అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. మనం ఎప్పుడూ జరపం కాబట్టి మనకి గుర్తుండదు. ఆ వారాల్లో పలకరింపు తప్పడం సంగతి అటుంచండి, కాల్ తప్పిపోతుంది.

ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. టీమ్స్‌లో గానీ స్లాక్‌లో గానీ పేరు మీద నొక్కితే ప్రొఫైల్‌లో వాళ్ల లోకల్ టైమ్ కనిపిస్తుంది. నేను టెర్మినల్ ఎప్పుడూ తెరిచే ఉంచుతాను కాబట్టి ఇలా చూసుకుంటాను, లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది:

```
TZ=America/Chicago date
TZ=Europe/London date
TZ=Australia/Sydney date
```

డల్లాస్‌ది షికాగో టైమే. ఊరి పేరు ఇస్తే ఎండాకాలపు మార్పు అదే చూసుకుంటుంది. ఏడాది పొడుగునా EST, CST అని రాసే అలవాటు మాత్రం వదిలించుకోండి. జూలైలో అవి EDT, CDT. పాత పేరుతో లెక్కేస్తే గంట తేడా వస్తుంది.

నిజం చెప్పాలంటే, పలకరింపు తప్పితే ఎవరూ ఏమీ అనుకోరు. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్ట్ వాళ్లు తొమ్మిదింటికి క్యాబ్ దిగి, సెక్యూరిటీ దగ్గర ఒకళ్లకొకళ్లు గుడ్ మార్నింగ్ చెప్పుకుంటూనే లోపలికి వెళ్తారు. పాత ఐఆర్‌సీ చాట్ రూముల్లో దీన్నే సరదాగా UGT, అంటే యూనివర్సల్ గ్రీటింగ్ టైమ్, అని నియమం చేసుకున్నారు: ఎవరు ఎప్పుడొచ్చినా వాళ్లకి అది పొద్దునే, వెళ్లేటప్పుడు రాత్రే. చిరాకు తెప్పించేది పలకరింపు కింద రాసే "రేపు పొద్దునకల్లా ఇస్తాం" లాంటి వాక్యం. ఎవరి రేపు? సిడ్నీలో మరో గంటకి తారీఖు మారుతుంది. ఆ వాక్యం బదులు "బుధవారం, జూలై 16, డల్లాస్ టైమ్ పొద్దున 9, ఇండియా టైమ్ రాత్రి 7:30" అని రాయండి.

ఇక జవాబిచ్చేటప్పుడు. డల్లాస్ ఆయన మన రాత్రి ఎనిమిదికి గుడ్ మార్నింగ్ అని పింగ్ చేస్తే మీరూ గుడ్ మార్నింగే అనండి, గుడ్ ఈవినింగ్ అని దిద్దకండి. ఆయనే మీ గడియారం చూసి గుడ్ ఈవినింగ్ అన్నాడంటే, మీరు ఆయన గడియారం చూసి గుడ్ మార్నింగ్ అనండి. చదవడానికి తికమకగా ఉంటుంది గానీ, ఇద్దరికీ నచ్చుతుంది.